యాంటీబయాటిక్ తర్వాత మోషన్స్ పట్టుకుంటే ఏం చేయాలి, ఎప్పుడు భయపడాలి, ప్రోబయోటిక్ నిజంగా పనిచేస్తుందా

పోయిన ఏడాది ఆగస్టులో ఒక సోమవారం మల్కాజిగిరి నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏం లేదు బిడ్డా, పంటి గోలీలు వేడి చేసినయ్. పొద్దుగాల నుంచి ఐదుసార్లు పోయిన. మజ్జిగ తాగుతున్న, తగ్గిపోతది" అంది. నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను, వార్డుల్లో రోగులకు రాసిన మందులు సరిచూడడమే నా ఉద్యోగం. అయినా ఆ రోజు ఏదో పనిలో ఉండి "నీళ్లు బాగా తాగు పెద్దమ్మా" అని పెట్టేశాను. ఆ గోలీలు అయిపోయి ఎన్ని రోజులైంది అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే కథ గురువారం దాకా పోయేది కాదు.

మంగళవారం మోషన్లు తొమ్మిదికి చేరాయి. మా అన్నయ్య వీధి చివర మెడికల్ షాపుకు వెళ్లి "అమ్మకు లూజ్ మోషన్స్" అన్నాడు, వాళ్లు మూడు ఇచ్చారు: ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర, మోషన్ ఆపే లోపరమైడ్, ఒక ప్రోబయోటిక్ క్యాప్సూల్. బుధవారానికి మోషన్లు రెండుకు తగ్గాయి, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గురువారం సాయంత్రానికి పొట్ట బిగుసుకుపోయి 101 జ్వరం వచ్చింది.

ఈ వరుస మన ఊళ్లో చాలా మామూలు. ఒక యాంటీబయాటిక్ వల్ల వచ్చిన మోషన్స్‌కి ఇంకో యాంటీబయాటిక్ కొనుక్కుని వేసుకోవడం. మీ ఇంట్లో ఇది జరగకూడదనే ఇదంతా రాస్తున్నా.

## ముందు ఒక కాగితం తీసుకోండి

మందుల గురించి ఆలోచించే ముందు చేయాల్సిన పని ఇదే. గత మూడు నెలల్లో ఆ మనిషి వాడిన యాంటీబయాటిక్ ఏది, ఏ తేదీన మొదలుపెట్టారు, ఏ తేదీన అయిపోయింది, మోషన్స్ ఏ తేదీన మొదలయ్యాయి అన్నది రాయండి. ఖాళీ స్ట్రిప్ పారేయకుండా ఉంటే దాని ఫోటో తీసి పెట్టుకోండి. "తెల్ల గోలీ, పెద్దది" అంటే ఏ డాక్టరూ ఏమీ చేయలేరు. ఆ కింద, ఇవాళ్టి నుంచి వెళ్లిన ప్రతిసారీ టైం వేసి ఒక గీత గీయండి. పక్కన నీళ్లలా ఉందా, జావలా ఉందా, రక్తం గానీ జిగురు గానీ ఉందా, ఒక్క మాట.

గీతలు ఎందుకంటే, 24 గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు ఆకారం లేకుండా వెళ్తేనే దాన్ని విరేచనాలు అంటారు. రోజుకు రెండుసార్లు మెత్తగా వెళ్లడం యాంటీబయాటిక్ వాడేటప్పుడు చాలామందికి ఉండేదే, దానికి ఏ మందూ అక్కర్లేదు.

తేదీలు ఎందుకంటే, ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మొదటిది మామూలుది. మన పెద్దపేగులో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మనం అరిగించుకోలేని పిండిపదార్థాన్ని అదే పులియబెట్టి వాడుకుంటుంది. యాంటీబయాటిక్ పంటినో గొంతునో చూసి అక్కడికే పోదు కదా, ఈ బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. అప్పుడు అరగని పిండి పేగులోనే మిగిలి నీటిని లాగుతుంది, మోషన్ పల్చబడుతుంది. కొన్ని మందులైతే పేగు కదలికనే పెంచుతాయి, అజిత్రోమైసిన్ అలాంటిదే, అమాక్సిసిలిన్‌తో కలిపే క్లావులనేట్ కూడా. ఇలాంటివి సాధారణంగా మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే మొదలవుతాయి, జ్వరం ఉండదు, మందు ఆపాక కొన్ని రోజుల్లో వాటంతటవే సర్దుకుంటాయి. ఎక్కువమందికి వచ్చేది ఇదే.

రెండోదాని పేరు క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసీల్, డాక్టర్లు పొట్టిగా సి-డిఫ్ అంటారు. ఈ బ్యాక్టీరియా గట్టి పెంకు కట్టుకున్న గింజలా నెలల తరబడి బాత్రూం గచ్చు మీద, మంచం కమ్మీ మీద, తలుపు గడియ మీద పడి ఉండగలదు. ఆ గింజల్నే స్పోర్లు అంటారు. చేతిమీదుగా నోట్లోకి వెళ్తే కడుపులోని యాసిడ్ కూడా వాటిని చంపలేదు. పేగులో మన సొంత బ్యాక్టీరియా నిండుగా ఉన్నంతకాలం దానికి చోటు దొరకదు. యాంటీబయాటిక్ ఆ చోటు ఖాళీ చేసిందా, మొలకెత్తి రెండు రకాల విషాలు వదులుతుంది, అవి పేగు లోపలి పొరని పుండు చేస్తాయి. ముదిరితే ఆ పుండ్ల మీద పసుపు రంగు తెట్టు కట్టి ఉండడం కొలనోస్కోపీలో కనిపిస్తుంది. యాంటీబయాటిక్ వల్ల వచ్చే మోషన్లలో సుమారు పది నుంచి ఇరవై శాతం దీనివల్లేనని లెక్క.

ఇది ఎక్కువగా మందు మొదలుపెట్టిన ఐదు నుంచి పది రోజుల మధ్య బయటపడుతుంది. కానీ మందు ఆపేసి వారాలైనా, రెండు నెలలు దాటినా రావచ్చు. అక్కడే అందరం మోసపోతాం, "గోలీలు ఎప్పుడో అయిపోయినయ్ కదా" అనుకుంటాం. పెద్దమ్మ మందు ఐదు రోజుల కోర్సు, అది అయిపోయిన ఆరో రోజు మోషన్స్ మొదలయ్యాయి. మామూలు రకమైతే సాధారణంగా మందు అయిపోయాక తగ్గుతుంది, కొత్తగా మొదలవడం తక్కువ. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

## ఆ కాగితం మీదే మనిషి గురించి నాలుగు మాటలు

పెద్దమ్మకు 68 ఏళ్లు. పెన్సిలిన్ పడదు, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, అందుకని పన్ను తీసిన డాక్టర్ క్లిండమైసిన్ రాశారు. దానితో పాటు ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే పాంటాప్రజోల్, మనం గ్యాస్ గోలీ అంటామే, అది వేసుకుంటోంది. జూన్‌లో బీపీ ఎక్కువై మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది.

వీటిలో ప్రతిదీ సి-డిఫ్ వైపు వేలు చూపించేదే. 65 దాటిన వయసు, ఈ మధ్య ఆసుపత్రిలో పడుకోవడం, కిడ్నీ జబ్బు, క్యాన్సర్ మందులు, పేగు పూత ఉన్నవాళ్లు, ఇంతకుముందు ఒకసారి సి-డిఫ్ వచ్చినవాళ్లు, వీళ్లందరికీ ప్రమాదం ఎక్కువ. గ్యాస్ గోలీలు రోజూ వాడేవాళ్లలో కూడా ఎక్కువగా కనిపించింది. మందుల్లో క్లిండమైసిన్‌ది మొదటి పేరు, దీని సంగతి 1970లలోనే బయటపడింది. ఆ తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి, అమాక్సిసిలిన్ క్లావులనేట్. వీటిలో కనీసం రెండు మీ ఇంటి మందుల డబ్బాలో ఇప్పుడే ఉండి ఉంటాయి. డాక్సీసైక్లిన్‌తో ఈ ప్రమాదం బాగా తక్కువ.

ఇంకొకటి చూడాలి. వానాకాలంలో హైదరాబాద్‌లో మోషన్స్ అంటే నల్లా నీళ్లు, బయట తిండి కూడా కారణం కావచ్చు. ఇంట్లో ఇంకా ఇద్దరు ముగ్గురికి ఒకేసారి పట్టుకుంటే, లేదా వాంతులతో మొదలైతే, ముందు అటు అనుమానించండి. ఇంట్లో అందరూ అదే నీళ్లు తాగి బాగానే ఉండి, యాంటీబయాటిక్ వాడిన ఒక్కరికే వస్తే అనుమానం ఇటు తిరుగుతుంది.

## మందు ఇంకా నడుస్తుంటే

కోర్సు మధ్యలో మోషన్స్ వస్తే మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆ యాంటీబయాటిక్ నిజంగా అవసరమా, ఆపొచ్చా, పేగుకి తక్కువ హాని చేసే ఇంకోదానికి మార్చొచ్చా అన్నది వాళ్లు చెప్పాలి. న్యుమోనియాకి వాడే మందు మధ్యలో మానేయడం ఒక ప్రమాదం. జలుబుకి ఎవరో ఇస్తే వేసుకుంటున్న మందుని కొనసాగించడం ఇంకో ప్రమాదం. జలుబుకి అది మొదటినుంచీ అక్కర్లేదు, కాబట్టి డాక్టర్ కూడా ఆపేయమనే అవకాశం ఎక్కువ. సి-డిఫ్ అని తేలితే పాత యాంటీబయాటిక్‌ని వీలైతే ఆపేయడమే వైద్యంలో మొదటి మెట్టు.

అమాక్సిసిలిన్ క్లావులనేట్ వేసుకుంటుంటే భోజనం మొదట్లో వేసుకోండి, కడుపులో బాధ తగ్గుతుంది.

## నీళ్ల లెక్క

మొదటి గంట నుంచే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి. లీటరుకి కలిపే పెద్ద ప్యాకెట్ కొని, కాచి చల్లార్చిన లేదా ఫిల్టర్ చేసిన సరిగ్గా ఒక లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. గ్లాసులో కొంచెం కొంచెం పొడి వేసుకుంటే ఉప్పూ చక్కెరా పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. పెద్దవాళ్లు ఒక్కో మోషన్‌కి ఒక గ్లాసు చొప్పున, గటగటా కాకుండా గుక్క గుక్కగా తాగాలి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా కొలత తలకొట్టి.

ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని టెట్రా ప్యాక్‌లలో అమ్మే తియ్యటి పానీయాలు వేరు. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ, మోషన్ పెరగొచ్చు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలాంటి డ్రింకుల మీద వాడకూడదని చెప్పింది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదవండి.

మజ్జిగ, గంజి, సగ్గుబియ్యం జావ, మెత్తని అన్నం తినొచ్చు, కడుపు మాడ్చాల్సిన పనిలేదు. ఒక జాగ్రత్త చెప్పాలి: సిప్రోఫ్లాక్సాసిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ వాడుతుంటే ఆ మాత్ర పెరుగన్నంతో కలిపి మింగకండి. పెరుగులోని కాల్షియం మందుని పట్టేసుకుని రక్తంలోకి సరిగ్గా పోనివ్వదు. రెండు గంటలు ఎడం పాటించండి.

గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్‌ని అడిగి తాగాలి. ఒంట్లో నీళ్లు పోతున్న రోజుల్లో కొన్ని బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మామూలుగా వేసుకుంటూ పోతే ప్రమాదం. మీ మాత్రలు కాసిన్ని రోజులు ఆపాలా వద్దా అని అదే ఫోన్‌లో అడిగేయండి. పెద్దమ్మ నాలుగు రోజులూ బీపీ మాత్ర మానలేదు, ఆ దెబ్బ కిడ్నీల మీద పడింది.

## మెడికల్ షాపులో ఈ రెండూ తీసుకోకండి

ఒకటి, మోషన్స్ కోసం ఇంకో యాంటీబయాటిక్. ఒఫ్లాక్సాసిన్ ఉన్న మాత్ర సి-డిఫ్‌కి మందు కాదు, పైగా దానికి దారి తెరిచే మందుల్లో అదీ ఒకటి. మిగిలి ఉన్న ఆ కొద్ది మంచి బ్యాక్టీరియాని కూడా ఊడ్చేస్తుంది.

రెండోది లోపరమైడ్. ఇది పేగు కదలికని ఆపుతుంది, లోపల తయారవుతున్న విషాన్ని ఆపదు. మామూలు రకం మోషన్స్‌కి పర్వాలేదేమో గానీ, జ్వరం, కడుపునొప్పి, రక్తం ఉన్నా, సి-డిఫ్ అనుమానం ఉన్నా పరీక్ష అయ్యేదాకా దాని జోలికి పోవద్దు. పెద్దమ్మ విషయంలో మమ్మల్ని మోసం చేసింది ఇదే. బుధవారం గీతలు రెండుకు తగ్గాయి, మేం జబ్బు తగ్గిందనుకున్నాం. పేగు కదలడం తగ్గింది, అంతే. సి-డిఫ్ బాగా ముదిరినప్పుడు ఏ మాత్రా వేయకపోయినా పేగు దానంతటదే స్తంభించిపోతుంది, మోషన్లు ఆగుతాయి, పొట్ట ఉబ్బుతుంది. మోషన్ ఆగి మనిషి హుషారు కావాలి. మోషన్ ఆగి పొట్ట గట్టిపడితే అది ఎమర్జెన్సీ, 108కి ఫోన్ చేయండి.

## ఎప్పుడు బయల్దేరాలి

గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడి, 24 గంటల్లో మూడు గీతలు దాటి, మరుసటి రోజు కూడా అలాగే ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 65 దాటినవాళ్లు, పైన చెప్పిన జబ్బులున్నవాళ్లు రెండో రోజు కోసం కూడా ఆగొద్దు. పసిపిల్లలకైతే నీళ్లు చాలా త్వరగా తగ్గుతాయి, మొదటి రోజే చూపించండి.

జ్వరం, ఆగకుండా కడుపునొప్పి, పొట్ట ఉబ్బడం, మోషన్‌లో రక్తం, నిలబడితే కళ్లు తిరగడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, మాట మందగించడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు, రాత్రయినా సరే, ఆసుపత్రి. రక్తం సి-డిఫ్‌లో అంత తరచుగా కనిపించదు, ఎక్కువగా ఆమం లాంటి వేరే ఇన్ఫెక్షన్‌లో కనిపిస్తుంది. ఏదైనా సరే వెళ్లాల్సిందే.

అక్కడ డాక్టర్ ముందు కూర్చున్నాక మొదటి వాక్యం ఇలా చెప్పండి: "ఫలానా తేదీన ఫలానా యాంటీబయాటిక్ అయిపోయింది, ఫలానా తేదీ నుంచి నీళ్ల విరేచనాలు, ఇది సి-డిఫ్ కావచ్చా?" ఇలా అడగడం డాక్టర్‌కి పాఠం చెప్పడం కాదు. వానాకాలం ఓపీలో రోజుకు ఎన్నో మోషన్ కేసులు చూస్తారు, రెండు వారాల కింద వాడిన పంటి మాత్ర సంగతి మనం చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

పరీక్ష మలానిదే. మామూలు స్టూల్ రొటీన్, స్టూల్ కల్చర్‌లో ఇది బయటపడదు, ప్రత్యేకంగా సి-డిఫ్ టాక్సిన్, జీడీహెచ్ అని రాయాలి. కొన్నిచోట్ల పీసీఆర్ చేస్తారు. డబ్బాలో పోస్తే డబ్బా ఆకారం తీసుకునేంత పల్చటి శాంపిల్ కావాలి, గట్టి మలం మీద ఈ పరీక్ష చేయకూడదు. ఎందుకంటే జబ్బు లేకుండా ఊరికే ఈ బ్యాక్టీరియాని మోసేవాళ్లు ఉంటారు, ఏడాదిలోపు పసిపిల్లల్లో అయితే మరీ ఎక్కువ. శాంపిల్ ఇంట్లో పట్టుకుంటే రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చండి. ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని తిరిగితే అందులోని విషం చెడిపోయి, జబ్బున్నా లేదని రిపోర్ట్ రావచ్చు.

పెద్దమ్మ రక్తపరీక్షలో తెల్లకణాలు 18,200, క్రియాటినిన్ 1.7 వచ్చాయి. తెల్లకణాలు 15,000 గానీ, క్రియాటినిన్ 1.5 గానీ దాటితే దాన్ని తీవ్రమైన సి-డిఫ్‌గా లెక్కేస్తారు, ఆమెకు రెండూ దాటాయి. శుక్రవారం పొద్దున జీడీహెచ్, టాక్సిన్ రెండూ పాజిటివ్ అని రిపోర్ట్ వచ్చింది.

## వైద్యం ఎలా ఉంటుందో తెలిసి ఉంటే కంగారు పడరు

ఈ జబ్బుకి ఇప్పుడు ముందు వరుసలో ఉన్న మందులు ఫిడాక్సోమైసిన్, వాంకోమైసిన్. మన దగ్గర ఎక్కువగా వాడేది వాంకోమైసిన్, నోటి ద్వారా 125 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు, పది రోజులు. మెట్రోనిడజోల్ తేలిక కేసులకి, ఆ రెండూ అందనప్పుడు వాడతారు.

నోటి ద్వారా అన్నదే ఇక్కడ ముఖ్యం. అదే వాంకోమైసిన్ సెలైన్‌లో ఎక్కిస్తే రక్తంలో తిరుగుతుంది గానీ పెద్దపేగు లోపలికి చేరదు. నోటితో తాగితే రక్తంలోకి దాదాపు పోకుండా నేరుగా పేగులోనే పనిచేస్తుంది. క్యాప్సూల్ దొరకని చోట ఇంజెక్షన్ పొడినే నీళ్లలో కరిగించి తాగిస్తారు. నర్సమ్మ ఇంజెక్షన్ సీసా మూత విప్పి, సిరంజితో కొలిచి, ఆ చేదు నీళ్లని చిన్న మందు కప్పులో పోసి ఇస్తుంటే మా అన్నయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేశాడు, "అమ్మా, అది ఇంజెక్షన్ కదా" అని. పొరపాటు కాదు, అదే పద్ధతి.

రెండో రోజుకి జ్వరం దిగింది, ఐదో రోజుకి మోషన్లు రెండయ్యాయి, మిగిలిన డోసులు ఇంట్లో పూర్తి చేసింది. తగ్గాక మళ్లీ మల పరీక్ష చేయించకండి, మనిషి బాగయ్యాక కూడా వారాల తరబడి పాజిటివ్ రావచ్చు, అనవసరంగా టెన్షన్ పడతారు.

## ఇంట్లో బాత్రూం

శానిటైజర్ ఈ స్పోర్లని చంపదు. సబ్బు పెట్టి నీళ్లు ధారగా పోస్తూ చేతులు రుద్దుకుంటే అవి కొట్టుకుపోతాయి, రోగి కూడా, చూసుకునేవాళ్లు కూడా అలాగే చేయాలి. మోషన్స్ ఉన్నన్ని రోజులు, ఆగాక ఇంకో రెండు రోజులు వీలైతే ఆ మనిషికి బాత్రూం వేరుగా ఉంచండి. సీటు, ఫ్లష్ బటన్, మగ్గు పిడి, కుళాయి, తలుపు గడియ, ఇవన్నీ ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలు తడిగా వదిలేసి కడగండి. బ్లీచ్ వాడే చోట టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్ మాత్రం వాడకండి, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. తలుపు, కిటికీ తెరిచి పెట్టి చేయండి.

## ఇక ప్రోబయోటిక్ సంగతి

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు "అవును" అనో "కాదు" అనో రాయలేను, ఎందుకంటే ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి.

మొదటిది, రాకుండా ఆపుతుందా? కొంతవరకు. 2017లో కాక్రేన్ అనే సంస్థ 31 అధ్యయనాలు కలిపి చూసింది. యాంటీబయాటిక్‌తో పాటు ప్రోబయోటిక్ ఇచ్చినవాళ్లలో సి-డిఫ్ మోషన్స్ వందకి ఒకటిన్నర మందికి, ఇవ్వనివాళ్లలో నలుగురికి వచ్చాయి. వినడానికి బాగుంది, కానీ ఆ లాభమంతా ముందే ప్రమాదం ఎక్కువున్నవాళ్లలో కనిపించింది, మామూలు ఆరోగ్యవంతుల్లో తేడా కనిపించలేదు. అంతకుముందు 2013లో బ్రిటన్‌లో 65 దాటిన దాదాపు మూడు వేలమంది ఆసుపత్రి రోగుల మీద చేసిన పెద్ద అధ్యయనంలో ఏ ఉపయోగమూ తేలలేదు. అందుకే అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల రెండు సంఘాలు కూడా దీని మీద ఒకే మాట మీద లేవు. పిల్లల్లో మామూలు రకం మోషన్స్ ఆపడంలో మాత్రం ఆధారం గట్టిగానే ఉంది.

అదీ ఏది పడితే అది కాదు. ఎక్కువ ఆధారం ఉన్నవి రెండు: సాక్రోమైసిస్ బౌలార్డి అనే ఈస్టు, లాక్టోబాసిల్లస్ రామ్‌నోసస్ జీజీ అనే బ్యాక్టీరియా. మన షాపుల్లో ఎక్కువగా అమ్ముడుపోయే, చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో నీళ్లలా ఉండే బాసిల్లస్ క్లాసీకి ఈ పని మీద ఉన్న ఆధారం వాటికంటే చాలా తక్కువ. ఇక యాంటీబయాటిక్ మాత్రలోనే "ఎల్‌బీ" అని కలిపి వస్తుంది చూడండి, కొన్ని స్ట్రిప్‌ల మీద అందులో 6 కోట్ల స్పోర్లని రాసి ఉంటుంది. పిల్లల్లో ఫలితం బాగా కనిపించిన మోతాదు రోజుకు 500 కోట్లు, ఆపైన. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, దానికోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

వాడాలనుకుంటే, అంటే పెద్ద వయసో, ముందు ఒకసారి ఇబ్బంది పడ్డవాళ్లో అయితే, డాక్టర్‌ని అడిగి యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రోజే, మరీ ఆలస్యమైతే రెండు రోజుల్లోపే మొదలుపెట్టండి. బౌలార్డి పెద్దవాళ్లకు సాధారణంగా 250 మిల్లీగ్రాములది రోజుకు రెండు. అది ఈస్టు కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు, కానీ ఫ్లూకోనజోల్ లాంటి ఫంగస్ మందు వాడుతుంటే చంపుతుంది. బ్యాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్‌కి రెండు గంటల ఎడం పెట్టండి.

రెండో ప్రశ్న, సి-డిఫ్ వచ్చాక తగ్గిస్తుందా? లేదు. మంగళవారం పెద్దమ్మకు ఇచ్చిన క్యాప్సూల్ చేసిందల్లా, ఏదో ఒక మందు నడుస్తోందిలే అన్న ధైర్యం ఇవ్వడమే, దానివల్ల రెండు రోజులు పోయాయి.

మూడోది, కోర్సు అయిపోయాక పేగుని త్వరగా బాగు చేస్తుందా? చాలామంది దీనికోసమే నెలంతా వేసుకుంటారు. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఆరోగ్యవంతులకి యాంటీబయాటిక్స్ ఇచ్చి చూశారు. తర్వాత పదకొండు రకాల సూక్ష్మజీవులు కలిపిన ప్రోబయోటిక్ వాడినవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం, ఏమీ వాడనివాళ్లకంటే ఆలస్యమైంది. అది చిన్న అధ్యయనమే, ఒక్క ప్రోబయోటిక్ మీదే చేసింది. అయినా "వేసుకుంటే మంచిదే, పోయేదేముంది" అనే మాట నేను అప్పటినుంచి అనడం మానేశాను.

క్యాన్సర్ మందుల మీద ఉన్నవాళ్లకు, ఐసీయూలో ఉన్నవాళ్లకు, మెడలో సెంట్రల్ లైన్ ఉన్నవాళ్లకు బౌలార్డి ఇవ్వకూడదు. ఆ ఈస్టు రక్తంలోకి చేరిన కేసులున్నాయి. ఆ మంచం పక్కన క్యాప్సూల్ విప్పి పొడి కలపడం కూడా ప్రమాదమే.

మరి పెరుగు? తినండి, మంచి తిండి. కానీ ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏ రకం ఎంత ఉందో ఎవరూ కొలవలేరు, దాన్ని మందుగా లెక్కేసి డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయొద్దు.

## తగ్గాక రెండు నెలలు

సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది తిరగబెడుతుంది, ఎక్కువగా మొదటి ఎనిమిది వారాల్లో. కాబట్టి ఆ కాగితం పారేయకండి. మళ్లీ ఒకే రోజు మూడు గీతలు పడితే పాత చీటీతో మందులు కొనకుండా అదే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, రెండోసారి వైద్యం వేరుగా ఉంటుంది. తగ్గాక కొన్ని వారాలు మోషన్ అటూఇటూగా ఉండడం మాత్రం మామూలే, రోజుకు ఒకటి రెండుసార్లు మెత్తగా వెళ్తే కంగారు పడకండి. గ్యాస్ గోలీ ఎందుకు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేకపోతే, ఇంకా అవసరమా అని అడగండి. పెద్దమ్మది డాక్టర్ ఆపేశారు.

ఇంకో పని చేయండి. ఫైల్ అట్ట మీద ఎర్ర ఇంకుతో జబ్బు పేరు, నెల, సంవత్సరం, దానికి కారణమైన యాంటీబయాటిక్ పేరు రాసిపెట్టండి. పెద్దమ్మ ఫైల్ మీద అన్నయ్య పెద్ద అక్షరాలతో రాశాడు. డిసెంబర్‌లో పక్క పన్ను నొప్పి పెట్టి మళ్లీ అదే క్లినిక్‌కి వెళ్తే, డాక్టర్ ఆ అట్ట చదివి, చిగురు శుభ్రం చేసి, "దీనికి యాంటీబయాటిక్ అవసరం లేదమ్మా, నొప్పి మాత్ర చాలు" అని పంపించారు.